నిఫ్టీలో తొమ్మిది పడింది, పతనం మాత్రం ఆగలేదు: టీడీ సీక్వెన్షియల్ ఎక్కడ చేతులెత్తేస్తుంది?

సరళరేఖ

టామ్ డిమార్క్ టీడీ సీక్వెన్షియల్ లెక్కను నిఫ్టీ డైలీ చార్టు మీద పాత డేటాతో సరిచూస్తున్నాను. 2020 ఫిబ్రవరి 28న కొనుగోలు వైపు 9 పూర్తయింది. ముగింపు 11,201.75. అక్కడి నుంచి పైకి వెళ్ళిందల్లా మార్చి 3న 11,303.30 ముగింపు వరకే, అంటే 101 పాయింట్లు. ఆ తర్వాత మార్చి 23న 7,610.25. తొమ్మిది వచ్చిందంటే అమ్మేవాళ్ళ ఓపిక అయిపోయినట్టు అంటారు కదా. ఇక్కడ అసలు పతనం తొమ్మిది తర్వాతే మొదలైంది.

నా లెక్క తప్పా, లేక దీన్ని ముందే పసిగట్టే మార్గం ఈ పద్ధతిలోనే ఉందా? ఆర్‌ఎస్‌ఐ చూడు, వార్తలు చూడు అనే జవాబులు వద్దు. ఈ పద్ధతి లోపలి నుంచే కావాలి.

మిర్చియార్డు

లెక్కే తప్పు బ్రదర్. తొమ్మిది ఎర్ర క్యాండిళ్ళు వరసగా రావాలి. ఫిబ్రవరి 19న నిఫ్టీ 133 పాయింట్లు పెరిగింది. అక్కడితో వరస తెగింది. నీకు తొమ్మిదే రాలేదు.

లెక్కలమాస్టారు

మిర్చియార్డు గారూ, క్యాండిల్ రంగుతో దీనికి పని లేదు. ఈ రోజు ముగింపును నిన్నటితో కాదు, నాలుగు సెషన్ల వెనకటి ముగింపుతో పోల్చాలి. ఫిబ్రవరి 19న ముగింపు 12,125.90. దానికి నాలుగు సెషన్ల ముందు, ఫిబ్రవరి 13న, 12,174.65. ఆ రోజు పెరిగినా నాలుగు రోజుల కిందటి కంటే కిందే ఉంది కాబట్టి లెక్కలోకి వస్తుంది. మధ్యలో ఒకటి రెండు రోజులు ఎగిరినా వరస తెగకుండా ఉండటానికే ఆ నాలుగు.

సరళరేఖ లెక్క సరిగ్గానే ఉంది. ఫిబ్రవరి 14 ముగింపు 12,113.45, ఫిబ్రవరి 10 ముగింపు 12,031.50. అంటే 14 వరకు పైవైపు ఉంది. 17న 12,045.80తో, 11వ తేదీ 12,107.90 కంటే కిందికి దిగింది. ఆ దిశ మారిన రోజే 1. తర్వాత 18, 19, 20. 21 మహాశివరాత్రి సెలవు. 24, 25, 26, 27, 28. మొత్తం తొమ్మిది. మార్చి 2, 3, 4 కూడా అదే వైపు, కాబట్టి 12 దాకా నడిచింది. మార్చి 5 ముగింపు 11,269.00 ఫిబ్రవరి 28 కంటే పైన ఉంది కాబట్టి వరస అక్కడ తెగింది.

మీ అసలు ప్రశ్నకు సాయంత్రం వివరంగా రాస్తాను.

బుల్‌బజార్

ఇందులో తెలుసుకోవాల్సింది ఒక్కటే. ప్రతి తొమ్మిదీ తొమ్మిది కాదు. 8వ లేదా 9వ క్యాండిల్ 'లో', అంటే ఆ రోజు తాకిన కనిష్ఠ ధర, 6, 7 క్యాండిళ్ళ రెండిటి 'లో' కంటే కిందికి పోవాలి. అప్పుడే అది 'పర్ఫెక్ట్' అయినట్టు. అలా కాని తొమ్మిది మీద కొంటే దెబ్బే. ఫిబ్రవరిది అలాంటిదే అయ్యుంటుంది.

సరళరేఖ

చూశాను. 28న లో 11,175. 6, 7 అంటే ఫిబ్రవరి 25, 26. వాటి కనిష్ఠాలు రెండూ 11,600 పైనే ఉన్నాయి. అంటే ఇది పర్ఫెక్ట్ తొమ్మిదే.

బుల్‌బజార్

అలాగైతే తొమ్మిది తర్వాత నడిచే రెండో లెక్క, కౌంట్‌డౌన్, 13 చేరేవరకు ఆగాల్సింది. తొమ్మిది సగం పనే. 13 పడితే మాత్రం తిరుగులేదు.

లెక్కలమాస్టారు

బుల్‌బజార్ గారి మాటలో మొదటి సగం నిజం, రెండో సగం కాదు. అక్కడికి వస్తాను. ముందు ఫిబ్రవరి తొమ్మిది సంగతి.

ఈ పద్ధతిలో బలమైన ట్రెండ్‌ను పట్టే సాధనం ఒకటుంది, దాన్ని చాలామంది చార్టు మీద దాచేస్తారు. టీడీఎస్‌టీ గీత. పైకి నడిచే వరసలో, అంటే అమ్మకం వైపు, తొమ్మిది పూర్తయినప్పుడు ఆ తొమ్మిది క్యాండిళ్ళలో అన్నిటికన్నా కింది స్థాయి దగ్గర గీత గీస్తారు. గ్యాప్ ఉంటే అంతకుముందు రోజు ముగింపును కూడా కలుపుకోవాలి. ఆ పైకి నడిచిన వరస మొత్తానికి పునాది అదే. తర్వాత ఎప్పుడో కొనుగోలు వైపు తొమ్మిది తయారవుతున్నప్పుడు ముగింపు ఆ గీతకు పైనే నిలిస్తే, మార్కెట్ ఒక పరిధిలో ఊగుతోందని అర్థం. అక్కడ తొమ్మిది పనిచేసే అవకాశం ఎక్కువ. ముగింపు గీత కిందికి పోతే పునాదే కదిలినట్టు. అప్పుడు తొమ్మిదిని అలసటగా చదవకూడదు. అది ట్రెండ్ బలం, కౌంట్‌డౌన్ ఇంకా నడుస్తుందని చదవాలి.

ఇప్పుడు నిఫ్టీకి రండి. 2020 ఫిబ్రవరికి ముందు చివరిసారి అమ్మకం వైపు తొమ్మిది పూర్తయింది 2019 నవంబర్ 7న, ముగింపు 12,012.05. ఆ తర్వాత నవంబర్ చివర, డిసెంబర్‌లో, మళ్ళీ ఫిబ్రవరి 14న ప్రయత్నాలు జరిగాయి. మూడూ 8 దగ్గరే ఆగిపోయాయి. 8 అయితే గీత మారదు. కాబట్టి నవంబర్ గీతే చెల్లుబాటు. ఆ వరసలో 1వ క్యాండిల్ అక్టోబర్ 27. గ్యాప్‌తో పైన తెరుచుకుంది కాబట్టి అంతకుముందు ముగింపు 11,583.90 దగ్గర గీత పడుతుంది.

ఫిబ్రవరి 27 ముగింపు 11,633.30. గీతకు కేవలం 49 పాయింట్ల పైన. అంటే 8వ రోజు వరకు గీత నిలబడింది. 28న, సరిగ్గా 9వ క్యాండిల్ నాడు, గీతకు 382 పాయింట్ల కింద ముగిసింది. తొమ్మిది పూర్తయింది, పునాది పోయింది, రెండూ ఒకే రోజు. కాబట్టి కొనకూడదు అనే జవాబు ఆ రోజు మూడున్నరకే చార్టు మీద ఉంది.

ఆస్టిన్_తెలుగు

మాస్టారూ, నా డేటాలో 2019 నవంబర్ 7న తొమ్మిది కనిపించడం లేదు. 8 దగ్గర ఆగింది. నవంబర్ 8 ముగింపు 11,908.15, దానికి నాలుగు వెనక నవంబర్ 4న 11,941.30. నా దగ్గర తొమ్మిదోది ఫెయిల్. ఇద్దరిలో ఎవరిది తప్పు?

లెక్కలమాస్టారు

మీ డేటాలో అక్టోబర్ 27 ఉందా?

ఆస్టిన్_తెలుగు

లేదు. అది ఆదివారం కదా. వారపు రోజులే తీసుకున్నాను.

లెక్కలమాస్టారు

అదే దీపావళి ముహూర్త్ ట్రేడింగ్. గంటసేపే జరిగినా ఎక్స్ఛేంజ్ లెక్కలో అది పూర్తి సెషన్, ముగింపు 11,627.15. అక్టోబర్ 22 ముగింపు కంటే పైన ఉంది కాబట్టి అదే 1. దాన్ని తీసేస్తే 1 అక్టోబర్ 29కి జరుగుతుంది. నవంబర్ 7 తొమ్మిది కాకుండా ఎనిమిది అవుతుంది. మర్నాడు వరస తెగింది కాబట్టి తొమ్మిదే లేదు. తొమ్మిది లేకపోతే నేను చెప్పిన 11,583.90 గీత కూడా లేదు. మీరు ఇంకా వెనక్కి వెళ్ళి పాత తొమ్మిదిని వెతకాలి, గీత వేరే చోట పడుతుంది.

ఒక్క గంట సెషన్ నాలుగు నెలల తర్వాతి నిర్ణయాన్ని మార్చేసింది చూడండి. ఈ పద్ధతిలో ప్రతి క్యాండిల్ ఒక అంకె. ఎంత వాల్యూమ్, ఎంతసేపు ట్రేడింగ్ అన్నది అది చూడదు. బడ్జెట్ రోజు శనివారం సెషన్లకూ ఇదే జాగ్రత్త కావాలి. 2020 ఫిబ్రవరి 1 శనివారమే.

సరళరేఖ

అయితే ముహూర్త్ ఉంచాలా, తీసేయాలా?

లెక్కలమాస్టారు

నేను ఉంచుతాను, ఎక్స్ఛేంజ్ ముగింపు ధర ప్రకటించింది కాబట్టి. తీసేసేవాళ్ళకూ కారణం ఉంది, ఆ గంటలో పూజ కొనుగోళ్ళే ఎక్కువ. ఏదైనా ఒకటే పాటించండి. ఒక చార్టులో ఉంచి ఇంకో చార్టులో తీసేస్తే మాత్రం ఏ లెక్కా నిలవదు.

మిర్చియార్డు

నాలుగు వెనకటి ముగింపు సంగతి ఇప్పుడు అర్థమైంది. నేను బ్యాంక్ నిఫ్టీ ఐదు నిమిషాల చార్టులో వాడుతున్నా. పొద్దున 9:15 నుంచి చూస్తే పది గంటలలోపే తొమ్మిది పడుతోంది. అమ్మితే ఇంకా పైకి పోతోంది. అక్కడ కూడా ఆ గీతేనా?

సరళరేఖ

గ్యాప్ అప్ రోజుల్లోనా?

మిర్చియార్డు

ఎక్కువగా అవే.

లెక్కలమాస్టారు

అక్కడ గీత కంటే ముందు ఇంకో సమస్య ఉంది. 9:15 క్యాండిల్‌కు నాలుగు వెనక అంటే నిన్న సాయంత్రం 3:10 క్యాండిల్. మొదటి నాలుగు క్యాండిళ్ళూ నిన్నటి చివరి నాలుగింటితో పోలుతాయి. గ్యాప్ పెద్దగా ఉంటే, తెరిచిన తర్వాత మార్కెట్ పక్కకు నడిచినా, కాస్త దిగినా, ఆ నాలుగూ ఆటోమేటిక్‌గా లెక్కలోకి వస్తాయి. అంటే మీ తొమ్మిదిలో నాలుగు గ్యాప్ ఇచ్చిన ఉచితం. ఈ రోజు కొనేవాళ్ళు నిజంగా ఖర్చు చేసిన ఓపిక ఐదు క్యాండిళ్ళే. అలసట ఎక్కడిది? 9:35 క్యాండిల్ నుంచి మాత్రమే ఈ రోజు ఈ రోజుతో పోలుతుంది. గ్యాప్ రోజుల్లో అక్కడి నుంచి కొత్తగా 1 అని లెక్కపెట్టి చూడండి. డిమార్క్ నియమాల్లో ఇది లేదు, నా అలవాటు.

బుల్‌బజార్

13 గురించి చెప్తానన్నారు, మర్చిపోయారు.

లెక్కలమాస్టారు

మర్చిపోలేదు. అదే మార్చి మీద చేసి చూద్దాం.

కౌంట్‌డౌన్‌లో పోలిక మారుతుంది. ఈ రోజు ముగింపు రెండు సెషన్ల కిందటి లో కంటే కింద గానీ, సమానంగా గానీ ఉండాలి. వరసగా రావాల్సిన పని లేదు. తొమ్మిది దాకా నడిచే మొదటి లెక్కను సెటప్ అంటారు, దాని 9వ క్యాండిల్ నుంచే మొదలుపెట్టవచ్చు. అందువల్ల ఫిబ్రవరి 28 కౌంట్‌డౌన్ 1, మార్చి 2 కౌంట్‌డౌన్ 2. మార్చి 3, 4, 5 లెక్కలోకి రావు. 6న 3, 9న 4. 10న హోలీ సెలవు. 11న 5, 12న 6, 13న 7, 16న 8.

మార్చి 17 దగ్గర ఆగి చూడండి. ముగింపు 8,967.05, భయంకరంగా పడిన రోజు. కానీ లెక్కలోకి రాదు. కారణం, రెండు సెషన్ల వెనక మార్చి 13న లోయర్ సర్క్యూట్ తగిలి ట్రేడింగ్ ఆగి, మళ్ళీ తెరిచాక పైకి ఎగిరింది. ఆ రోజు లో 8,555. ముగింపు 9,955.20. ఒక్క పొడవాటి తోక వల్ల ఒక అంకె పోయింది. 18న 9, 19న 10. 20న రాదు. 23న 11, 24న 12.

మార్చి 24 కనిష్ఠం 7,511.10. ఆ పతనంలో అదే అడుగు. అడుగు పడిన రోజుకు కౌంట్‌డౌన్ 12. పదమూడో అంకె మార్చి 30న పడింది, 8,281.10 ముగింపు దగ్గర. అది 26వ తేదీ లో కంటే కొద్దిగా కింద ఉంది. 13కు ఇంకో షరతు, ఆ రోజు లో కౌంట్‌డౌన్ 8 నాటి ముగింపు 9,197.40ని మించకూడదు. అది తేలిగ్గానే నెరవేరింది.

కాబట్టి బుల్‌బజార్ గారు చెప్పినట్టు 13 కోసం ఆగినవాడు మార్చి నెలంతా తప్పించుకున్నాడు. అది పెద్ద విషయమే. కానీ అడుగు కంటే 770 పాయింట్ల పైన కొన్నాడు.

బుల్‌బజార్

ఏప్రిల్ తర్వాత పెరిగింది కదా. తిరుగులేదన్నది తప్పెలా అవుతుంది?

లెక్కలమాస్టారు

ఈసారి పెరిగింది. స్టాప్ ఎక్కడ పెడతారు? పద్ధతి చెప్పే స్టాప్ ఇది: లెక్కలో అన్నిటికన్నా కిందికి వెళ్ళిన క్యాండిల్‌ను తీసుకుని, దాని పూర్తి పరిధిని, గ్యాప్ ఉంటే దాన్నీ కలుపుకొని, దాని లో నుంచి తీసేయాలి. మార్చి 24 పరిధి సుమారు 525 పాయింట్లు. 7,511లో నుంచి తీసేస్తే 6,985 దరిదాపులు. కొన్న ధర 8,281. అంటే 1,300 పాయింట్ల దూరం, ధరలో 15 శాతానికి పైగా. అప్పటి లాట్ 75 కాబట్టి ఒక్క ఫ్యూచర్ లాట్‌కు 97 వేల రూపాయలు. ట్రెండ్ ఎంత బలంగా ఉంటే క్యాండిళ్ళు అంత పెద్దవవుతాయి, స్టాప్ అంత దూరం పోతుంది. సంకేతం సరైనదైనా దాన్ని మోయగల ఖాతాలు తక్కువ.

ఫిబ్రవరి తొమ్మిదికీ అదే లెక్క వేయండి. 28న లో 11,175, ముందు రోజు ముగింపు 11,633 నుంచి కొలిస్తే పరిధి 458. స్టాప్ 10,717. మార్చి 9 ముగింపు 10,451.45 దాని కింద ఉంది. అక్కడ బయటపడితే 750 పాయింట్ల నష్టం, లాట్‌కు 56 వేలు. నొప్పే, కానీ 7,610 దాకా పట్టుకుని కూర్చున్నవాడి 3,591 పాయింట్లతో పోల్చండి. గీతను పట్టించుకోకపోయినా స్టాప్ పాటించినవాడు బతికాడు.

సరళరేఖ

ముగింపు మీద స్టాప్ లెక్కవేశారు. 10,717కి, 10,451కి మధ్య 266 పాయింట్లు పోయాయి కదా. మధ్యలోనే ఆర్డర్ పెట్టుకోవచ్చుగా?

లెక్కలమాస్టారు

పెట్టుకోవచ్చు. ఆ రోజు లాభమే అయ్యేది. కానీ మార్చి 13 లాంటి తోక ఉన్న రోజున, కనిష్ఠం దగ్గర అమ్మించి, సాయంత్రానికి 1,400 పాయింట్ల పైన ముగింపు చూపిస్తుంది. ఏ నొప్పి మీకు తక్కువో అది ఎంచుకోండి.

ఆస్టిన్_తెలుగు

పైవైపు సంగతి కూడా ఉండాలి. డౌన్‌ట్రెండ్‌లో తొమ్మిది కనీసం తాత్కాలిక ఊపిరి ఇస్తుంది. బుల్ ట్రెండ్‌లో అదీ ఉండదు. ముహూర్త్ రోజులు కలిపి డేటా సరిచేశాక చూశాను. 2020 నవంబర్ 3న అమ్మకం వైపు 1. నవంబర్ 13న 9, ముగింపు 12,719.95. ఆ వరస ఎక్కడా తెగకుండా డిసెంబర్ 18 దాకా నడిచింది, ముగింపు 13,760.55. మొత్తం 33. ప్రతి రోజూ ముగింపు నాలుగు సెషన్ల వెనకటి కంటే పైనే.

ఇక్కడ ఇంకో గమ్మత్తు. ముందు నేను దించుకున్న స్క్రిప్టు 9 కాగానే సున్నాకు వెళ్ళి మళ్ళీ 1 నుంచి మొదలవుతోంది. దాంతో నవంబర్ 13న, 26న, డిసెంబర్ 10న మూడు కొత్త తొమ్మిదులు చూపించింది. మూడు అమ్మకం సంకేతాలనుకున్నాను. నిజానికి అవి ఒకే వరసలో 9, 18, 27. డిసెంబర్ 21న ఒక్క రోజులో 432 పాయింట్లు పడి 13,328.40 దగ్గర ముగిసింది. ఆ దెబ్బ తర్వాత కూడా మొదటి రెండు తొమ్మిదుల కంటే పైనే ఉంది. నిజం చూపించాలంటే ఇంతే చాలు:

```
//@version=5
indicator("Setup count", overlay=true)
var int s = 0
s := close > close[4] ? s + 1 : 0
plotchar(s == 9, "9", "9", location.abovebar)
plotchar(s == 18, "18", "R", location.abovebar)
```

18 దగ్గర R అని వేసుకున్నాను, రీసైకిల్ గుర్తుగా.

లెక్కలమాస్టారు

బాగుంది. 18 దాటిన వరసలో నడుస్తున్న కౌంట్‌డౌన్‌ను వదిలేసి కొత్తగా మొదలుపెట్టాలన్నది పాత నియమం. కొత్త సెటప్ పాతదానికంటే ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి కొనసాగించాలనే షరతులు కూడా ఉన్నాయి. టెర్మినల్‌కీ టెర్మినల్‌కీ అంకెలు తేడా రావడానికి ఒక కారణం ఇదే. మీ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో అది ఏ వైపు ఉందో చూసుకోకుండా ఇంకొకరి 13తో పోల్చుకోవద్దు.

సరళరేఖ

నా ప్రశ్నకు సగం జవాబు దొరికింది. ఇంకో సగం పుట్టింది. మార్చి 6న మళ్ళీ 1 మొదలై 19న రెండో తొమ్మిది పూర్తయింది, 8,263.45 దగ్గర. అది గీతకు 3,300 పాయింట్ల కింద ఉంది. మీ నియమం ప్రకారం కొనకూడదు. కానీ పద్ధతి ఇచ్చే స్టాప్ 7,090 దగ్గర వస్తోంది, 24న లో కూడా దాన్ని తాకలేదు. అంటే అది పనిచేసిన తొమ్మిది. గీత మనల్ని ఫిబ్రవరిలో కాపాడి, మార్చిలో అడుగు దగ్గర ఆపేసింది.

బుల్‌బజార్

పనిచేసిందంటే ఎలా? రెండు సెషన్ల తర్వాత ముగింపు 650 పాయింట్ల కింద. లాట్‌కు 49 వేలు నష్టం చూస్తూ పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు?

లెక్కలమాస్టారు

ఇద్దరి మాటా నిజమే. గీత కింద పడిన తొమ్మిదుల్లో ఏది చివరిదో గీత చెప్పదు. ఇక కొత్త కింది గీత లేదు కాబట్టి దాని దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. కొందరు ఆ సమయంలో వీక్లీ చార్టు మీద లెక్క చూస్తారు. ఇంకొందరు రెండో తొమ్మిదిని, కౌంట్‌డౌన్ 10కి చేరడాన్ని కలిపి చదువుతారు. 19న ఆ రెండూ కలిశాయి, నిజమే. కానీ ఒక్క పతనం చూసి దాన్ని నియమం అనను. 2008 అక్టోబర్‌లో కూడా ఇలా కలిశాయేమో ఎవరైనా లెక్కపెట్టి పెడితే చూద్దాం.

ఆస్టిన్_తెలుగు

2008 డేటా ఉంది. అక్టోబర్ 28 దీపావళి, ఆ సాయంత్రం ముహూర్త్ సెషన్ నా ఫైల్‌లో ఉందో లేదో ముందు చూసి లెక్క పెడతాను.